నోట్సు నాలుగుసార్లు చదివాం, మన ఐదో షెడ్యూలు దగ్గరే పడ్డాం



గ్రూప్స్‌కి చదివే మన పిల్లలు ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, సిలబస్ ఇంకా అయిపోలేదు. పాత పేపర్లు ఇప్పుడే రాయాలా, రివిజన్ అయినంక రాయాలా?" మేమూ రెండేళ్లు రెండోదే నమ్మినవాళ్లం. ముందు నోట్సు పూర్తి కావాలి, అది మూడు నాలుగుసార్లు తిరగేయాలి, ఆఖరి నెలలో పేపర్లు రాయాలి అనుకున్నాం. అది తప్పని ఇప్పుడు గట్టిగా చెప్తున్నాం. ఎందుకో చెప్పడానికి మాకు జరిగిందే రాస్తున్నాం. కొంచెం పొడుగైనా చదవండి.

మేము ఏడుగురం. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి టౌన్‌లో రెండు గదులు తీసుకుని చదువుకుంటున్నాం. కొందరి ఇంట్లో కోయ మాట్లాడతారు, కొందరి ఇంట్లో లంబాడీ. మాలో ఇద్దరు 2023 జులై 1న జరిగిన గ్రూప్-4 రాసి వచ్చినవాళ్లే. అక్క ఒకామె ఆ పరీక్షకు పాలిటీ నోట్సు ఎన్నిసార్లు చదివిందో లెక్కే లేదు. కొద్ది మార్కుల్లో పోయింది. ఇంట్లో "ఇంకెన్నాళ్లు చదువుతవు బిడ్డా" అనే మాట మొదలైంది. ఆ మాట ఎంత బరువో మీకు తెలుసు. ఈసారి ఎక్కడ పోతున్నామో తెలుసుకోకుండా మళ్లీ అదే నోట్సు తెరవొద్దనుకున్నాం.

ఒక ఆదివారం అందరం కూర్చున్నాం. మిగతా ఐదుగురు ఆ గ్రూప్-4 పేపర్-1, అంటే జనరల్ నాలెడ్జ్ పేపర్, అప్పటిదాకా చూడలేదు. అక్కావాళ్లిద్దరూ వేరే పాత పేపర్ తీసుకున్నారు. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. జిరాక్స్ సెంటర్‌లో ఖాళీ ఓఎంఆర్ షీట్లు తీయించాం. ఫోన్లు పక్క గదిలో పెట్టాం. పది గంటలకు మొదలు, పన్నెండున్నరకు పెన్ను కింద పెట్టాలి. మధ్యలో లేవడం లేదు, మాట లేదు.

ఒక తమ్ముడి పేపర్ ఒక్కటి విప్పి చూపిస్తాం. వాడే రాయమన్నాడు. వాడు మాలో అందరికంటే ఎక్కువ చదివేవాడు. నోట్సు నాలుగు రౌండ్లు పూర్తి చేశాడు. పేపర్‌కి ముందు "ఎన్ని వస్తయిరా" అంటే, "నూట పది అయితే పక్కా" అన్నాడు.

వాడు పెట్టినవి 131. అందులో సరైనవి 74. తప్పులు 57. అసలు ముట్టనివి 19.

ఆ 74 చూసి వాడు అన్నం తినలేదు. కానీ ఈ పోస్ట్ ఆ 74 గురించి కాదు. మిగతా 76 గురించి.

సాయంత్రం కూర్చుని ఒక్కో తప్పు పక్కన కారణం రాయించాం. నాలుగే గడులు. అసలు చదవనిది, చదివాను కానీ కలిసిపోయింది, ప్రశ్న తప్పుగా చదివాను, తెలిసే తప్పు గడి నింపాను. 57లో అసలు చదవనివి 18. ప్రశ్న తప్పుగా చదివినవి 7. ఓఎంఆర్‌లో వరుస జారి తప్పు నింపినవి 5. "చదివాను కానీ కలిసిపోయింది" అన్నవి 27. అంటే సగానికి దగ్గర.

నాలుగుసార్లు నోట్సు చదివినప్పుడు వాడు భయపడింది ఆ 18 లాంటి వాటి గురించే. ఇంకా ఏదో చదవలేదు, ఇంకో పుస్తకం కొనాలి అని. కానీ వాణ్ణి ఎక్కువగా దెబ్బ తీసింది చదివిన వాటిలోనే ఉంది. ఆ 27లో చాలావాటికి వాడు పేజీ కూడా చెప్పగలిగాడు. "ఇది ఎడమ పేజీలో పైన ఉంటది, కింద ఎర్ర పెన్నుతో గీత గీసిన" అన్నాడు. ఎర్ర గీత గుర్తుంది, దాని మీద ఉన్న మాట గుర్తులేదు.

ఇక మన సంగతికి వద్దాం. ఆ 27లో 11 ప్రశ్నలు మన విషయాలే. ఐదో షెడ్యూలు, పెసా, అటవీ హక్కులు, 1/70. మేము అందరం ధైర్యంగా ఉన్నది అక్కడే. "ఇది మనదే కదా, దీనిలో ఒక్క మార్కు కూడా పోదు" అనుకున్నాం. ఆ పేపర్‌లోని ప్రశ్ననే ఇక్కడ దింపడం లేదు. అదే తరహాలో మేము తర్వాత తయారు చేసుకున్నది ఒకటి ఇస్తున్నాం. కిందికి పోకుండా ఒక నిమిషంలో జవాబు పెట్టండి.

కింది వాటిలో సరైనవి ఏవి?
ఎ) ఐదో షెడ్యూలు ప్రకారం గిరిజన సలహా మండలిలో సభ్యులు 20 మందికి మించరాదు.
బి) వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది రాష్ట్ర శాసనసభలోని షెడ్యూల్డ్ తెగల ప్రతినిధులై ఉండాలి.
సి) ఒక ప్రాంతాన్ని షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించే అధికారం గవర్నరుకు ఉంటుంది.

మా ఏడుగురిలో నలుగురు మూడూ సరైనవే అన్నారు. ఎ, బి సరైనవి. సి తప్పు. షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించేది రాష్ట్రపతి.

ఇది ఎందుకు తప్పుతుందో చూడండి, అసలు విషయం ఇక్కడే ఉంది. మన నోట్సులో ఐదో షెడ్యూలు పేజీ తీయండి. పేజీ నిండా గవర్నరే. గవర్నరు రాష్ట్రపతికి నివేదిక పంపుతాడు. గవర్నరు ఒక చట్టం ఈ ప్రాంతానికి వర్తించదని చెప్పవచ్చు. గవర్నరు భూ బదలాయింపు మీద రెగ్యులేషన్ చేయవచ్చు. మనకు ప్రాణమైన 1/70 కూడా అలాంటి రెగ్యులేషనే. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను సవరిస్తూ 1970లో వచ్చిన మొదటి రెగ్యులేషన్ కాబట్టే దానికి ఆ పేరు. ఇన్ని గవర్నర్ల మధ్య "ప్రకటించేది రాష్ట్రపతి" అనే ఒక్క ముక్క ఎక్కడో ఒక మూల ఉంటుంది. చదివేటప్పుడు కన్ను దాని మీదుగా పోతుంది, "ఆ, తెలుసు" అంటుంది. నిజానికి తెలిసింది ఆ ముక్క కాదు, ఆ పేజీ. పేజీ మూసేసి, గవర్నరు చేసేవి ఏవి, రాష్ట్రపతి చేసేవి ఏవి, పార్లమెంటు చేసేవి ఏవి అని మూడు కుప్పలు పోయమంటే అప్పుడు తెలుస్తుంది, మన దగ్గర ఉన్నది ఒకటే కుప్ప అని.

ఎన్నిసార్లు చదివినా ఇది బయటపడదు. ఎందుకంటే చదివేటప్పుడు ప్రశ్న, జవాబు రెండూ కళ్లముందే ఉంటాయి. విడదీసే పని మనకు పడనే పడదు. పేపర్ మాత్రం ఆ విడదీసే పనే అడుగుతుంది. 244(1) ఐదో షెడ్యూలుకా, ఆరో షెడ్యూలుకా? తెగల జాబితా 342లోనా, జాతీయ ఎస్టీ కమిషన్ 338ఎలోనా? పేపర్ తయారు చేసేవాళ్లు తప్పు ఆప్షన్లను ఎక్కడి నుంచో తేరు, మన నోట్సులో పక్క లైన్ నుంచే తెస్తారు.

ఇంకోటి చెప్తే మీకు నవ్వు వస్తుంది, మాకు రాలేదు. ఆ తమ్ముడి ఇంట్లో పోడు పట్టా ఉంది. వాళ్ల నాన్న దాని కోసం ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాడో వాడికి తెలుసు. అటవీ హక్కుల చట్టంలో ఏ తేదీ నాటికి భూమి సాగులో ఉండాలి అన్న ప్రశ్నకు వాడు 2006 ఉన్న ఆప్షన్ పెట్టాడు. చట్టం పేరులో ఉన్నది 2006. సాగులో ఉండాల్సిన తేదీ 13 డిసెంబర్ 2005. ఇంట్లో బతికిన విషయం వేరు, పేపర్ అడిగే అంకె వేరు. మనది అనుకున్న చోటే మనం తక్కువ పరీక్షించుకుంటాం. అందుకే అక్కడే ఎక్కువ పోతుంది.

ఇది మా ఏడుగురి రోగం మాత్రమే కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది తెల్ల కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు, 83 శాతానికి 71. వారం తర్వాత అడిగితే తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం, రాసుకున్నవాళ్లకు 61. ఇంకా తమాషా ఏంటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది చదివిన గుంపే. మా తమ్ముడి "నూట పది పక్కా" గుర్తొచ్చిందా? ఆ ప్రయోగంలో ఉన్నది ఓఎంఆర్ కాదు, మన పరీక్షలా తరుముకొచ్చే గడియారం కాదు. కాబట్టి అది చెప్పేది గుర్తు గురించి మాత్రమే. గడియారం సంగతి వేరే ఉంది.

గడియారం పెట్టి రాస్తే బయటపడేది ఇంకో రకం లోపం. అది జ్ఞాపకానిది కాదు. ఒక ప్రశ్నకు ఒక నిమిషం అని చెప్పుకుంటాం. కానీ గడి నింపడానికి ప్రశ్నకు ఆరు సెకన్లు వేసుకోండి, 150 ప్రశ్నలకు 15 నిమిషాలు అక్కడే పోయాయి. మిగిలేది 135 నిమిషాలు. అంటే ప్రశ్న చదివి, ఆలోచించి, తేల్చుకోవడానికి 54 సెకన్లు.

మేము ప్రతి 50వ ప్రశ్న దగ్గర పేపర్ అంచున టైం రాయమన్నాం. తమ్ముడు 50వ ప్రశ్న దాటేసరికి 61వ నిమిషం. 100 దాటేసరికి 118. ఆఖరి 32 నిమిషాల్లో 31 చేయగలిగాడు, గంట కొట్టింది. మొదటి వందలో 18 నిమిషాలు ఎక్కడ కారిపోయాయి అని వాణ్ణి కూర్చోబెట్టి అడిగాం. కష్టమైన ప్రశ్నల దగ్గర కాదు. తెలియని సైన్స్ ప్రశ్నను వాడు పది సెకన్లలో వదిలేశాడు. కారిపోయింది మన ప్రశ్నల దగ్గర. "ఇది మనది, ఇది వదలొద్దు" అని ఒక్క స్టేట్‌మెంట్ ప్రశ్న మీద నాలుగు నిమిషాలు కూర్చున్నానని వాడే చెప్పాడు. నాలుగు నిమిషాలు అంటే వెనకాల నాలుగు ప్రశ్నలు. చివరికి అదీ తప్పే పెట్టాడు.

ఆ ముట్టని 19 ప్రశ్నలను గంట కొట్టిన తర్వాత నీలం పెన్ను పక్కనపెట్టి పెన్సిల్‌తో, టైం లేకుండా చేయమన్నాం. 12 సరైనవి వచ్చాయి. అంటే వచ్చీ పోగొట్టుకున్న మార్కులు 12. ఇవి ఏ నోట్సు చదివితే వస్తాయి? ఏ నోట్సుతోనూ రావు. పైగా గ్రూప్-4లో తప్పుకు మార్కు కోత లేదు. ఖాళీగా వదిలిన ప్రతి గడీ ఊరికే పోయినట్టే. ఏపీపీఎస్సీ గ్రూప్-2 లాంటి వాటిలో తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి అక్కడ లెక్క వేరు. మీరు రాసేది ఏదో దాని రూల్‌తోనే ఇంట్లో కూడా రాయండి.

మూడోది మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది. నోట్సు మనం రాసుకున్నది. మన మాటల్లో, మన పొట్టి అక్షరాల్లో ఉంటుంది. పేపర్ మన మాటల్లో రాదు. మన నోట్సులో "పీఠిక" ఉంటే అక్కడ "ప్రవేశిక" అని ఉండొచ్చు. "నోటిఫికేషన్" అని రాసుకుంటే అక్కడ "అధిసూచన". "నిశ్చితం, కారణం" ప్రశ్నల్లో రెండు పొడవాటి వాక్యాలు, వాటి కింద నాలుగు పొడవాటి ఆప్షన్లు. ఇంట్లో తెలుగు కాని భాష మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్న మనకు ఆ వాక్యం ఒక్కసారి చదివితే ఎక్కదు. రెండోసారి చదువుతాం. అక్కడే పదిహేను సెకన్లు. "సరికానిది" అన్న మాటలో "కాని" జారిపోవడం కూడా ఈ తొందరలోనే. తమ్ముడి 7 తప్పుల్లో 5 అవే.

ఇది తెలివి తక్కువ కాదు, చదువు తక్కువ కాదు. ఆ భాషకు కన్ను అలవాటు లేకపోవడం. సొంత నోట్సు నాలుగుసార్లు చదివితే సొంత అక్షరాలకే అలవాటు పడతాం. నాలుగో రౌండ్ రెండు రోజుల్లో అయిపోయిందని సంతోషపడతాం. ఆ స్పీడు నోట్సుది, పరీక్షది కాదు. మేము ఇప్పుడు ఒక చిన్న బుక్కు పెట్టుకున్నాం. పాత పేపర్లలో రెండోసారి చదవాల్సి వచ్చిన ప్రతి మాటా అందులో రాస్తాం, పక్కన మన మాట రాస్తాం. పక్కన ఇంగ్లిష్‌లో కూడా ప్రశ్న ఉంటుంది కాబట్టి ఆ మాటా రాస్తాం.

"అయితే నోట్సు పారేయమంటారా?" అని అడుగుతారు. కాదు. నోట్సు పని మారుతుంది, అంతే. ముందు నోట్సు, ఆఖర్న పేపర్ కాకుండా, పేపర్ చెప్పిన చోటికి నోట్సు పోవాలి. మేము చేస్తున్నది ఇది.

పేపర్ రాసిన రోజే తప్పులను ఆ నాలుగు గడుల్లో వేస్తాం. అసలు చదవని వాటికి మాత్రమే పుస్తకం తీస్తాం. కలిసిపోయిన వాటికి చదవం, పుస్తకం మూసి రాస్తాం. పైన చెప్పిన గవర్నరు, రాష్ట్రపతి, పార్లమెంటు కుప్పలు తెల్ల కాగితం మీద పోసి, ఆ తర్వాతే నోట్సు తెరిచి దిద్దుకుంటాం. మూడు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి అదే కాగితం మళ్లీ ఖాళీగా మొదలుపెడతాం. తప్పుగా చదివిన వాటికి మందు ఒకటే, "కానిది", "మినహా" అన్న మాట కనపడగానే పెన్నుతో చుట్టేయడం. ఓఎంఆర్ కోసం ఐదేసి ప్రశ్నలు చేసి ఐదు గడులు నింపి, నంబర్ సరిచూసుకుని ముందుకు పోతున్నాం. ఇక టైం కోసం ఒక రూల్ పెట్టుకున్నాం. మనదైనా, ఎవరిదైనా, 90 సెకన్లు దాటితే చుక్క పెట్టి వదిలేయాలి. రెండో రౌండ్‌లో రావాలి.

పరిమితులు కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టు. పాత పేపర్లలో కరెంట్ అఫైర్స్, ప్రభుత్వ పథకాల ప్రశ్నలు పాతబడిపోతాయి. వాటి మార్కు లెక్కలోకి తీసుకోకండి. జవాబులకు ఫైనల్ కీ మాత్రమే పెట్టుకోండి, ప్రాథమిక కీలో మార్పులు వస్తాయి. ఒకే పేపర్ మూడుసార్లు రాస్తే విషయం కాదు, ఆప్షన్ నంబర్ గుర్తుంటుంది, అది మళ్లీ నోట్సు రోగమే. పేపర్లు ఎక్కువ లేవు కాబట్టి ముందే తిరగేసి చూసి పాడు చేసుకోవద్దు. 2024లో జరిగిన గ్రూప్-3, గ్రూప్-2 పేపర్లలోంచి మీకు పనికొచ్చే 50 ప్రశ్నలు ఏరి 50 నిమిషాల్లో రాయొచ్చు. ఏరే పని మీరు చేయకండి, పక్కవాడితో చేయించుకోండి. ఇంకోటి, ఒక్కసారి కూడా చదవని సబ్జెక్టు మీద గడియారం పెడితే బయటపడేది లోపం కాదు, ఖాళీ. ఒక్కసారి చదవండి. ఆ ఒక్కసారి తర్వాత నాలుగో రౌండ్ దాకా ఆగకండి, పేపర్‌కి కూర్చోండి అన్నదే మా మాట.

ఆరు వారాల తర్వాత తమ్ముడు వేరే పాత పేపర్ రాశాడు. 150 పెట్టాడు, 91 వచ్చాయి. పేపర్ వేరు కాబట్టి 74 నుంచి 91కి పెరిగాడని మేము అనం, అది సులువైన పేపర్ కావచ్చు. మేము చూసింది గడులను. ముట్టనివి 19 నుంచి సున్నా. "కలిసిపోయింది" గడి 27 నుంచి 16. అసలు చదవనివి మాత్రం 18 నుంచి 35కి పోయాయి, ఎందుకంటే ఈసారి వాడు అన్ని ప్రశ్నలకూ చేరాడు, ఆ పేపర్‌లో ఎకానమీ ఎక్కువ. ఇప్పుడు వాడికి ఏ పుస్తకం తీయాలో తెలుసు. ఈసారి ఎన్ని వస్తాయిరా అని ముందే అడిగితే "తొంభై దగ్గర" అన్నాడు. మాకు ఆ 91 కంటే ఆ మాటే బాగా నచ్చింది. తన బలం తనకు సరిగ్గా తెలిసింది.

అక్క కూడా మళ్లీ కూర్చుంది. ఇంట్లో వాళ్లకు ఈసారి "ఇంకా చదువుతున్న" అని చెప్పట్లేదు. తప్పుల కాగితం చూపించి, "ఇగో, ఇవి దిద్దుకుంటున్న" అని చెప్తోంది.

ఈ ఆదివారం మీ గదిలో ఒక పాత పేపర్, ఒక ఓఎంఆర్ షీటు, ఒక గడియారం పెట్టుకుని కూర్చోండి. మొదట మన ఐదో షెడ్యూలు ప్రశ్నలే చూసుకోండి. "మనదే కదా" అనుకున్న చోట ఎన్ని పోయాయో కింద రాయండి. మావి 11 చెప్పాం, సిగ్గుపడలేదు. మీరూ పడొద్దు.

జోహార్.